పట్టాల మధ్య సందు ఎటు పోయింది?

రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారు? ఈ ప్రశ్న బడి పరీక్షల్లో తరాల తరబడి వస్తూనే ఉంది. ఎండకు ఇనుము వ్యాకోచిస్తుంది, సందు లేకపోతే పట్టాలు వంగిపోతాయి అని రాస్తే మార్కులు పడతాయి. జవాబులో తప్పేమీ లేదు. కానీ ఈ జవాబు రాసిన పిల్లాణ్ణి తీసుకెళ్లి కాజీపేట – విజయవాడ మెయిన్ లైను చూపిస్తే కంగారు పడతాడు. అక్కడ కిలోమీటర్ల కొద్దీ నడిచినా పట్టాకూ పట్టాకూ మధ్య సందు కనిపించదు. పట్టా ఒకటే, అతుకు మీద అతుకు వేసి ఒకే ముక్కగా సాగిపోతూ ఉంటుంది. పాత రైళ్లలో నిద్రపుచ్చిన టకటక చప్పుడు ఇప్పుడు మెయిన్ లైన్లలో వినిపించకపోవడానికి కారణం అదే.

మరి మే నెల ఎండ తగ్గిందా? లేదు. ఇనుము గుణం మారిందా? అదీ లేదు. అలాంటప్పుడు పెరగాల్సిన పొడవంతా ఎక్కడికి పోతోంది?

ముందు ఆ పొడవు ఎంతో చూద్దాం. ఉక్కు పట్టా ఒక మీటరు పొడవుంటే, ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినప్పుడు మిల్లీమీటరులో సుమారు వందో వంతు పెరుగుతుంది. మన రైల్వే ఇంజినీర్లు లెక్కల్లో వాడే అంకె ఇంకొంచెం కచ్చితం: మీటరుకు, డిగ్రీకి 0.01152 మిల్లీమీటర్లు. చూడబోతే లెక్కలోకి రానంత చిన్నది. అయితే మన దగ్గర పట్టా వేడి ఎంత మారుతుందో గుర్తుంచుకోవాలి. ఎండలో పడి ఉన్న ఉక్కు గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలుంటే పట్టా 65 దాకా పోగలదు. అదే పట్టా జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీలకు దిగుతుంది. అంటే తేడా 53 డిగ్రీలు. పాత పద్ధతిలో వేసే 13 మీటర్ల పట్టా ఈ తేడాకి 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కిలోమీటరు పట్టాను కట్టు లేకుండా వదిలేస్తే అరవై సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది.

ఈ పెరుగుదల ఎందుకు వస్తుందో చాలా పుస్తకాలు సగమే చెబుతాయి. వేడెక్కితే పరమాణువుల కంపనం పెరుగుతుంది, అందుకే వస్తువు పెరుగుతుంది అని ఆపేస్తాయి. కంపనం పెరిగినంత మాత్రాన వస్తువు పెరగాలని లేదు. పరమాణువు అటు ఎంత ఊగితే ఇటూ అంతే ఊగితే సగటు చోటు మారదు కదా. అసలు సంగతి ఏమిటంటే, పక్కపక్కన ఉన్న రెండు పరమాణువులను ఇంకా దగ్గరికి నొక్కడం చాలా కష్టం, దూరంగా లాగడం అంతకంటే తేలిక. అందువల్ల కంపనం పెద్దదయ్యే కొద్దీ అవి దగ్గరయ్యే వైపు తక్కువగా, దూరమయ్యే వైపు ఎక్కువగా జరుగుతాయి. సగటున ఎడం పెరుగుతుంది. కోట్ల కోట్ల జతల ఎడం కొద్దికొద్దిగా పెరిగితే పట్టా పొడవు పెరుగుతుంది. పొడవే కాదు, వెడల్పూ మందమూ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి.

సందు వదిలే పాత పద్ధతి ఇప్పటికీ యార్డుల్లోనూ కొన్ని లూపు లైన్లలోనూ కనిపిస్తుంది. రెండు పట్టాల కొసలను కలుపుతూ రెండు పక్కలా ఉక్కు పలకలు బిగిస్తారు. వీటినే ఫిష్‌ప్లేట్లు అంటారు. బోల్టు దూరే రంధ్రం బోల్టు కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది కాబట్టి, బిగించి ఉన్నా పట్టా కొస కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగగలదు. ఆ జరగడం సాఫీగా సాగాలని ఏడాదికోసారి, చలికాలంలో, గ్యాంగ్‌మెన్ ఫిష్‌ప్లేట్లు విప్పి తుడిచి గ్రీజు పెడతారు. తుప్పు పట్టి పట్టేస్తే సందు ఉండీ లాభం లేదు.

ఈ పద్ధతికి అయ్యే ఖర్చు మాత్రం తక్కువ కాదు. కిలోమీటరుకు ఒక్కో వరసలో 77 అతుకులు. ప్రతి అతుకు దగ్గరా ప్రతి చక్రం ఒక కొస దిగి ఇంకో కొసకు గుద్దుకుంటుంది. ఆ దెబ్బలకు పట్టా కొసలు నలిగి అరుగుతాయి, బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్లు పుడతాయి, అతుకు కింద కంకర కుంగుతుంది, కుంగిన చోట మరుసటి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బరువైన గూడ్సు బండ్లు, వేగమైన ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాక ఈ అతుకులే లైనులో అన్నిటికంటే బలహీనమైన చోట్లయ్యాయి. అందుకే వాటిని తీసేయాలనుకున్నారు.

తీసేయడం అనగానే అందరికీ వచ్చే భయం ఒకటే. పదమూడు మీటర్ల పట్టాకే సందు కావాలంటే, పది కిలోమీటర్ల పట్టా సందు లేకుండా ఎలా నిలుస్తుంది? పొడవు పెరిగే కొద్దీ ఒత్తిడి పెరగదా?

పెరగదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఒక మీటరు ముక్కను రెండు గోడల మధ్య బిగించి పది డిగ్రీలు వేడి చేశామనుకోండి. అది 0.115 మిల్లీమీటర్లు పెరగబోతుంది, గోడలు పెరగనివ్వవు. కిలోమీటరు ముక్కను అలాగే బిగిస్తే అది 115 మిల్లీమీటర్లు పెరగబోతుంది, దాన్నీ గోడలు పెరగనివ్వవు. రెండింటిలోనూ ప్రతి మీటరుకూ అణగదొక్కాల్సింది అదే 0.115 మిల్లీమీటర్లు. లోపల పుట్టే బలం మీటరుకు ఎంత నొక్కామన్న దానిమీదా, పట్టా ఎంత లావన్న దానిమీదా ఆధారపడుతుంది, పట్టా మొత్తం పొడవు మీద కాదు. కాబట్టి పట్టాను కదలకుండా పట్టుకోగలిగితే, పది మీటర్లయినా పది కిలోమీటర్లయినా లోపలి బలం ఒకటే.

ఆ బలం చిన్నదేమీ కాదు. మన మెయిన్ లైన్లలో ఎక్కువగా వేసేది మీటరుకు 60 కిలోలు తూగే పట్టా. దాన్ని కదలకుండా పట్టుకుంటే, ఒక్క డిగ్రీ వేడి పెరిగినప్పుడల్లా లోపల సుమారు 1.9 టన్నుల నొక్కుడు పుడుతుంది. ఇరవై డిగ్రీలకు 38 టన్నులు. రెండు పట్టాలకు కలిపి 76 టన్నులు.

చల్లబడితే ఇదే బలం తిరగబడి లాగుడు అవుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టు వేయడం చూసినవాళ్లకు ఆ లాగుడు ఎంత గట్టిదో తెలుసు. ఐదడుగుల చక్రానికి కట్టు చుట్టుకొలత పదిహేనున్నర అడుగుల పైమాటే. దాన్ని చక్రం కంటే కాస్త బిగుతుగా చేసి, పిడకల మంటలో ఎర్రబడేలా కాలుస్తారు. నాలుగు వందల డిగ్రీలు వేడెక్కితే చుట్టుకొలత రెండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. నడిమి ఖాళీ కూడా పెరుగుతుంది, పూడుకుపోదు. సుత్తులతో చక్రానికి ఎక్కించి నీళ్లు పోయగానే కట్టు బిగుసుకుని, ఆకులూ కుండా కిర్రుమంటూ ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి. మేకు ఒక్కటి లేకుండా ఏళ్ల తరబడి ఆ చక్రాన్ని పట్టి ఉంచేది ఆ సంకోచమే.

అతుకుల్లేని పట్టాను, అంటే రైల్వేవాళ్లు ఎల్‌డబ్ల్యూఆర్ అనే లాంగ్ వెల్డెడ్ రైలును, పట్టుకునేది గోడలు కాదు. ఒక్కొక్కటి పావు టన్నుకు మించి తూగే కాంక్రీటు స్లీపర్లు, వాటికి పట్టాను బిగించే ఉక్కు క్లిప్పులు, స్లీపర్ల మధ్యా చివరలా నింపిన కంకర. పట్టా జరగాలంటే స్లీపర్లను ఈడ్చుకుపోవాలి, స్లీపర్లు జరగాలంటే కంకరను తోసుకుపోవాలి. ఒక స్లీపరు ఆపగలిగేది కొంచెమే, కానీ వరసగా వందలాది స్లీపర్లు కలిసి ఆపుతాయి. కాబట్టి ఇలాంటి పట్టాలో రెండు చివర్లా సుమారు వంద మీటర్ల మేర మాత్రమే పట్టా నిజంగా జరుగుతుంది. దాన్ని బ్రీతింగ్ లెంగ్త్ అంటారు. నడుమ ఉన్న భాగం, అది ఎన్ని కిలోమీటర్లయినా, ఎండాకాలం చలికాలం తేడా లేకుండా మిల్లీమీటరు కదలదు. పెరగాల్సిన పొడవంతా బలంగా మారి ఉక్కులోనే ఉండిపోతుంది.

ఆ చివర్ల దగ్గర మాత్రం సందు తప్పదు. అక్కడ స్విచ్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ అనే ప్రత్యేకమైన అమరిక వేస్తారు. ఒక పట్టా కొసను నాలుకలా వాలుగా చెక్కి ఇంకో పట్టా పక్కన ఆనిస్తారు. రెండూ ఒకదాని పక్కన ఒకటి జారతాయి. చక్రం ఒకదాని మీద నుంచి మరోదాని మీదికి వాలుగా మారుతుంది కాబట్టి ఎక్కడా ఖాళీలోకి దిగి గుద్దుకోదు.

ఇప్పుడు ఇంకో చిక్కు. పట్టాను ఏ వేడి దగ్గర బిగించాలి? పన్నెండు డిగ్రీల చలిలో బిగిస్తే మే నెలకు 53 డిగ్రీల నొక్కుడు, అంటే పట్టాకు వంద టన్నులు. కంకర ఆపలేదు. 65 డిగ్రీల దగ్గర బిగిస్తే ఎండాకాలం నిశ్చింత, కానీ జనవరి తెల్లవారుజామున వంద టన్నుల లాగుడు, బలహీనమైన అతుకు దగ్గర పట్టా తెగొచ్చు. కనిష్ఠానికీ గరిష్ఠానికీ సరిగ్గా మధ్యలో బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. మన రైల్వే అలా చేయదు. సగటు కంటే ఐదు నుంచి పది డిగ్రీలు పైన బిగిస్తుంది. మనం తీసుకున్న ఉదాహరణలో సగటు 38.5 కాబట్టి, 45 డిగ్రీల దగ్గర బిగించారనుకుందాం. అప్పుడు మండుటెండలో నొక్కుడు 20 డిగ్రీలకే, 38 టన్నులు. గట్టి చలిలో లాగుడు 33 డిగ్రీలకు, సుమారు 63 టన్నులు.

లెక్క కావాలనే ఒక పక్కకు మొగ్గి ఉంది. చలికి పట్టా తెగితే చిన్న సందు ఏర్పడుతుంది. అది ప్రమాదమే, అయినా చాలాసార్లు గస్తీవాళ్లు కనిపెట్టి బండి ఆపగలుగుతారు. ఎండకు పట్టా పక్కకు పొంగితే రైలు పట్టాలు తప్పుతుంది. రెండు చెడ్డల్లో తక్కువ చెడ్డ దాన్ని ఎంచుకున్నారన్నమాట. నన్నడిగితే ఈ మొత్తం ఏర్పాటులో తెలివంతా ఈ ఐదు పది డిగ్రీల మొగ్గులోనే ఉంది.

అనుకున్న వేడి దగ్గరే పట్టా బిగిసేలా చూసే పనిని డీస్ట్రెసింగ్ అంటారు. లైను కాసేపు మూసి, పట్టా క్లిప్పులన్నీ ఊడదీస్తారు. పట్టాను లేపి కింద రోలర్లు పెడతారు. చెక్క సుత్తులతో అక్కడక్కడా తడుతూ పోతారు, ఎక్కడా పట్టేసి ఉండకుండా. అప్పుడు పట్టా లోపలి బలమంతా పోయి, ఆ వేడికి తనకు తగిన పొడవుకు వచ్చేస్తుంది. ఆ సమయంలో పట్టా 45 డిగ్రీలుంటే అలాగే బిగించేయొచ్చు. తరచూ అలా కుదరదు. తెల్లవారి పట్టా 33 డిగ్రీలే ఉందనుకోండి. మరో పన్నెండు డిగ్రీలు వేడెక్కితే ఎంత పొడవవుతుందో అంత సాగదీస్తే సరి. ఐదు వందల మీటర్ల పట్టాకు ఆ లెక్క 69 మిల్లీమీటర్లు. హైడ్రాలిక్ యంత్రాలు రెండు కొసలనూ పట్టి అంతమేర లాగుతాయి, లాగి ఉంచే వెల్డింగు చేస్తారు, క్లిప్పులు బిగిస్తారు. వేడెక్కించకుండానే పట్టాకు వేడెక్కిన పొడవు వచ్చినట్టయింది.

ఈ పనులన్నింటికీ పట్టా వేడి కచ్చితంగా తెలియాలి. గాలి వేడి పనికిరాదు. గ్యాంగు దగ్గర గుండ్రటి గడియారంలాంటి థర్మామీటరు ఉంటుంది, వెనక అయస్కాంతంతో పట్టాకు అతుక్కుంటుంది. కొద్ది నిమిషాలాగితే ముల్లు వేడి చూపిస్తుంది. ఆ ముల్లును తిప్పేది లోపల చుట్టి పెట్టిన ద్విలోహ పట్టీ. అంటే పట్టా వ్యాకోచాన్ని కాపలా కాసేది ఇంకో చిన్న లోహం వ్యాకోచమే.

ద్విలోహ పట్టీ అంటే రెండు వేరు వేరు లోహాల పలుచటి రేకులను పొడవునా విడిపోకుండా అతికించినది. ఇత్తడి ఉక్కు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. ఒకటి ఎక్కువ పెరగబోతే రెండోది ఆపుతుంది. కంకర పట్టాను ఆపినట్టు పూర్తిగా ఆపలేదు కాబట్టి, ఎక్కువ పెరిగేది బయటి వంపుకు వెళ్లేలా రెండూ కలిసి వంగుతాయి. ఇంగ్లండుకు చెందిన జాన్ హారిసన్ 18వ శతాబ్దంలో ఓడల కోసం చేసిన తన మూడో గడియారంలో, వేడికి చలికి వేళ తప్పకుండా ఇత్తడి, ఉక్కు రేకులను కలిపి బిగించి ఈ పట్టీని వాడాడు. 1896లో షార్ల్ గియోమ్ అనే శాస్త్రవేత్త నికెలూ ఇనుమూ కలిసిన ఇన్వార్‌ను కనిపెట్టాక పట్టీలకు బలం వచ్చింది. ఈ మిశ్రమం ఉక్కు పెరిగే దానిలో పదో వంతే పెరుగుతుంది. ఈ పనికి ఆయనకు 1920లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ వంపులో ఉన్న లాభం ఒక లెక్కలో తెలుస్తుంది. ఐదు సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి–ఇన్వార్ పట్టీని నూరు డిగ్రీలు వేడి చేద్దాం. ఇత్తడి ఒక్కటే ఉంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా పెరగదు, కంటికి ఆనదు. అదే అతికించి ఉన్నప్పుడు పట్టీ కొస మూడు మిల్లీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. స్విచ్చు తెరవడానికీ మూయడానికీ అది చాలు. ఇస్త్రీ పెట్టె మధ్య మధ్యలో టక్కుమని దీపం ఆర్పేది ఇదే. పాత ట్యూబులైటు స్టార్టరు టిక్కుటిక్కుమన్నదీ ఇదే. మన ఇళ్ల బోర్డుల్లోని ఎంసీబీలో, లోడు ఎక్కువై కరెంటు మెల్లగా మించినప్పుడు మీట పడగొట్టేదీ ఇదే. వైర్లు తగిలి ఒక్కసారిగా కరెంటు దూసుకొచ్చినప్పుడు మాత్రం పట్టీ వేడెక్కేదాకా ఆగడం కుదరదు కాబట్టి, ఆ పనికి అందులోనే విద్యుదయస్కాంతం వేరుగా ఉంటుంది. ఎంసీబీ లెక్క సాధారణంగా 30 డిగ్రీల వాతావరణానికి కట్టి ఉంటుంది. పడమటి గోడకు ఎండ తగిలేచోట బోర్డు పెడితే, మే నెలలో పట్టీ అప్పటికే సగం వంగి ఉంటుంది, మామూలు లోడుకే పడిపోతుంది. దానికి మందు బోర్డుకు నీడ చూడడం. పెద్ద ఎంసీబీ వేస్తే గోడలోని వైరు కాలుతుంది.

ద్రవాల సంగతి కొంత వేరు. వాటికి సొంత ఆకారం లేదు కాబట్టి పొడవు లెక్క ఉండదు, ఘనపరిమాణమే. పైగా అవి ఘనపదార్థాల కంటే చాలా ఎక్కువ పెరుగుతాయి. పెట్రోలు డిగ్రీకి వెయ్యింట సుమారు ఒక వంతు పెరుగుతుంది. 12,000 లీటర్ల ట్యాంకరు దారిలో పది డిగ్రీలు వేడెక్కితే నూరు లీటర్లకు పైగా పెరుగుతుంది. బరువు మాత్రం చుక్క పెరగదు. అందుకే బంకుల్లో సాంద్రత కొలిచి 15 డిగ్రీల లెక్కకు మార్చి రాసుకుంటారు. కావాలంటే మన ముందే కొలిచి చూపించమని అడగొచ్చు. ఉదయాన్నే పోయించుకుంటే ఎక్కువ వస్తుందనే మాటలో పస తక్కువ, ఎందుకంటే బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పగలూ రాత్రీ దాని వేడి పెద్దగా మారదు. బైకు ట్యాంకు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. 28 డిగ్రీల పెట్రోలు 12 లీటర్లు నింపి బండిని ఎండలో పెట్టి, అది 43కు చేరితే 170 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ట్యాంకు రేకు పెరగడం వల్ల దొరికే చోటు అందులో ఆరేడు మిల్లీలీటర్లే. మూత దాకా నింపితే ఆ మిగతాది పొంగి కారుతుంది.

పొంగి పోవడానికి దారి లేకపోతే ఇంకా ప్రమాదం. ద్రవాన్ని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. వంటగ్యాస్ సిలిండరులో సుమారు 33 లీటర్ల చోటుంటే, 14.2 కిలోల గ్యాసు ద్రవరూపంలో దాదాపు 26 లీటర్లే ఆక్రమిస్తుంది. పైన మిగిలిన ఖాళీ కంపెనీవాడి పిసినారితనం కాదు. ద్రవం పెరిగినప్పుడు ఎక్కడో ఒకచోట ఇమడాలి.

మళ్లీ ఉక్కు దగ్గరికి, వంతెనల మీదికి వద్దాం. పట్టాను కంకరతో పట్టినట్టు వంతెనను పట్టుకోవడం కుదరదు. పట్టా కింద నేల ఉంది, గోదావరి మీద గార్డరు కింద స్తంభాలున్నాయి. గార్డరు పొడవు పెరగబోతే ఆ తోపుడంతా స్తంభం తలమీద పడి దాన్ని పక్కకు నెడుతుంది. కాబట్టి ఇక్కడ సందే శరణ్యం. 1974లో తెరిచిన కొవ్వూరు – రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన రైలు భాగాన్ని చూడండి. అక్కడ ఒక్కో పెద్ద గార్డరు 91.5 మీటర్లు. ఏడాదిలో ఉక్కు వేడి 50 డిగ్రీలు మారితే ఒక్కో గార్డరు 55 మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. 2.8 కిలోమీటర్ల నదిని ఒకే గార్డరుతో దాటించి ఉంటే, ఆ లెక్క మీటరున్నర దాటేది. నదిని ముక్కలు ముక్కలుగా దాటడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి. ఎక్కడి పెరుగుదలకు అక్కడే, చిన్న సందులో చోటు దొరుకుతుంది.

ఇలాంటి గార్డర్ల కింద ఒక చివర కదలని బేరింగు, రెండో చివర కదిలే బేరింగు పెడతారు. పెద్ద ఉక్కు గార్డర్లకు ఆ కదిలే చివర రోలర్లుంటాయి. గార్డరు పెరిగితే రోలరు దొర్లుతుంది, స్తంభానికి తోపుడు తగలదు. రోడ్డు ఫ్లైఓవర్లలో రోలరుకు బదులు రబ్బరు దిమ్మెలుంటాయి, రోలరు దొర్లినట్టు ఇవి ఒరుగుతాయి. కాంక్రీటు పెరుగుదల ఉక్కుతో ఇంచుమించు సమానం కాబట్టి, లోపలి ఇనుప చువ్వలూ చుట్టూ ఉన్న కాంక్రీటూ ఒకదాన్నొకటి చీల్చుకోవు. అది మన అదృష్టం. ఆ సమానత్వమే లేకపోతే ఇనుప చువ్వల కాంక్రీటుతో కట్టడమే సాధ్యమయ్యేది కాదు.

ఫ్లైఓవరు మీద బండి డబ్‌మన్నచోట అడ్డంగా కనిపించే ఉక్కు అంచుల మధ్య సందు ఇదే. ఉక్కు అంచుల మధ్య రబ్బరు పట్టీ పెట్టి నీళ్లు, మట్టి కిందికి పోకుండా చూస్తారు. ఆ పట్టీ ఊడినా, సందులో ఇసుకా రాళ్లూ కూరుకుపోయినా, రోడ్డు వేస్తూ పైన తారు కప్పేసినా సందు ఉండీ లేనట్టే. ఎండాకాలం వచ్చేసరికి అంచుల కాంక్రీటు పగిలి పెళ్లలు లేస్తుంది. గార్డరు చివర్ల పగుళ్లు కనిపిస్తే ముందు ఆ సందు తెరిచి ఉందా, బేరింగు కదులుతోందా అని చూడాలి. తుప్పు పట్టిన రోలరు కూడా ఇదే పని చేస్తుంది.

ఎల్‌డబ్ల్యూఆర్ లైను పెద్ద వంతెన దగ్గరికి వచ్చేసరికి రెండు పద్ధతులు ఎదురుపడతాయి. కింద గార్డరు జరుగుతుంది, పైన పట్టా జరగనంటుంది. అందుకే పెద్ద వంతెనల దగ్గర పట్టాకు ఎక్స్‌పాన్షన్ జాయింట్లు వేస్తారు. పట్టా పొంగే ప్రమాదం ఎక్కువగా ఉండే చోట్లలో వంతెనలకు చేరువ లైనూ ఒకటి. వంపులూ, లెవల్ క్రాసింగుల పక్కలూ, వాలు దిగి మళ్లీ ఎక్కే పల్లపు చోట్లూ కూడా అలాంటివే. అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం ఇటీవల కంకర కదిపిన చోట. స్లీపర్ల కింద కంకర జల్లించి మళ్లీ నింపినప్పుడు అది వదులుగా ఉంటుంది. బండ్లు తిరిగి తిరిగి అది దిట్టపడేదాకా మునుపటి పట్టు రాదు. అందుకే ఎండ ముదిరి పట్టా వేడి ఒక హద్దు దాటాక అలాంటి పనులు ఆపేస్తారు, పని జరిగిన చోట కొన్నాళ్లు బండ్లను నెమ్మదిగా నడుపుతారు. పట్టా వేడి బిగించిన వేడి కంటే ఇరవై డిగ్రీలు మించిన మధ్యాహ్నాల్లో కాలినడకన గస్తీ తిరుగుతారు. రైలు కిటికీలోంచి మిట్టమధ్యాహ్నం లైను మీద గొడుగైనా లేకుండా ఒక్కడే నడుస్తూ కనిపించే మనిషి పని అదే.

పొంగబోయే పట్టా ముందే గుర్తులిస్తుంది. తిన్నగా ఉండాల్సిన పట్టా సన్నగా పాములా వంకరలు పోతుంది. స్లీపరు చివరకూ కంకరకూ మధ్య అంగుళమో అరంగుళమో ఖాళీ విడుతుంది, అంటే స్లీపరు పక్కకు జరిగిందన్నమాట. ఆ తర్వాత ఒక బండి బరువూ కుదుపూ చాలు, పట్టా ఒక్కసారిగా అడుగు మేర పక్కకు పోవడానికి.

స్లీపర్ల చివర్లలో పోసిన ఆ కంకర కుప్పే పట్టాను పక్కకు పోకుండా ఆపుతున్నది. దాన్ని ఇంటి పనికి ఎత్తుకుపోవద్దు, అడ్డదారిగా దాటుతూ తొక్కి చెదరగొట్టొద్దు. లైను పక్క ఊళ్లలో ఉండేవారికి మండుటెండలో పట్టా వంకర కనిపించినా, చలి తెల్లవారుజామున పట్టా తెగి సందు కనిపించినా, దగ్గరలోని గేట్‌మ్యాన్‌కో స్టేషన్ మాస్టరుకో వెంటనే చెప్పండి. ఎవరూ దొరక్కపోతే రైల్వే హెల్ప్‌లైన్ నంబరు 139.